ఎనిమిదో వారానికి వాపు తిరిగొచ్చిందంటే

"అమ్మకు షుగర్ వల్ల కంటి రెటీనా మధ్యభాగమైన మాక్యులాలో వాపు. నెలకొకటి చొప్పున కంట్లో వేసిన ఐదు సూదులకు తగ్గింది. సూదుల మధ్య గడువు పెంచాక మళ్లీ వచ్చింది. మందు పనిచేయడం మానేసిందా?"

అలా లేదండి, గడువు ఎక్కువైనట్టుంది. మీరు పెట్టిన ఓసీటీ అనే కంటి స్కాన్ రిపోర్టుల్లో మధ్యభాగం మందం మొదట 468 మైక్రాన్లు, ఐదో సూది తరవాత 285, ఆరు వారాల గడువుకి 290, ఎనిమిదికి 372. చూపు కూడా 6/9 నుంచి 6/12కి జారింది. అంటే ఆ కంట్లో మందు ఆరు వారాలు ఆగుతోంది, ఎనిమిది ఆగడం లేదు.

1. ఇప్పటి సూది వాయిదా వేయకండి. తరవాతిది ఆరు వారాలకు పెట్టొచ్చా అని డాక్టర్‌ని అడగండి.

2. చాలామంది పొరబడేది ఇక్కడే. సూదుల మధ్య గడువు కొంచెం కొంచెంగా పెంచే ట్రీట్ అండ్ ఎక్స్‌టెండ్ పద్ధతిలో వాపు లేకపోయినా ఆ రోజు సూది వేస్తారు. పొడిగా ఉంటే పెరిగేది తరవాతి గడువు, సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు. మా నాన్నకి "వాపు లేదుగా, దండగెందుకు" అని శ్రీకాకుళం నుంచి విశాఖ దాకా వెళ్లి సూది లేకుండానే తిరిగొచ్చాం. రెండు నెలలకి పేపర్లో గీతలు వంకరగా కనిపిస్తున్నాయన్నారు.

3. స్కాన్ ఎప్పుడూ ఒకే రకం మెషీన్ మీద తీయించండి. ఒకటి శ్రీకాకుళంలో, ఒకటి విశాఖలో తీయిస్తే, మెషీన్లు వేరైతే కన్ను మారకపోయినా అంకె మారుతుంది.

నెలనెలా సూది పడుతున్నా, నాలుగో వారం స్కాన్‌లోనూ వాపు అలాగే ఉంటే అప్పుడు మందు మార్చడం గురించో, స్టెరాయిడ్ గురించో మాట్లాడాలి. మీ అమ్మగారిది ఆ కేసులా లేదు.