పాత క్లిప్పులతోనే షాపు వీడియో: ఏ షాట్ ముందు, ఏది చివర

ప్రశ్న: ఒంగోలులో మాకు చిన్న స్వీట్ షాపు ఉంది. ఫోన్లలో పాత క్లిప్పులు నలభై దాకా ఉన్నాయి. మళ్లీ షూట్ చేసే తీరిక లేదు. వీటితోనే వాట్సాప్ స్టేటస్‌కి, రీల్‌కి పనికొచ్చే చిన్న వీడియో చేయొచ్చా? ఏది ముందు పెట్టాలి, చివర్లో ఏం చెప్పాలి?

జవాబు:

చేయొచ్చు. నెల్లూరులో మా పిన్ని పచ్చళ్ల షాపుకి నేను చేసింది ఇదే, రొయ్యల పచ్చడి మీద. మొదటిసారి తప్పు చేశాను కాబట్టి ముందు ఆ తప్పే చెప్తాను.

షాపు బోర్డుతో మొదలుపెట్టి, పూజ చేసిన క్లిప్పు, ఆ తర్వాత వంట, చివరికి సీసా, ఇలా జరిగిన వరసలోనే పేర్చాను. నలభై సెకన్లు వచ్చింది. మా చుట్టాలు తప్ప ఎవరూ చివరిదాకా చూడలేదు. బోర్డు మనకి ముద్దే గానీ, ఫోన్‌లో వేలు జరుపుకుంటూ పోయేవాడికి అది ఇంకో బోర్డు, అంతే.

రెండోసారి ముందుగా సౌండ్ తీసేసి క్లిప్పులన్నీ చూశాను. క్లిప్పు మొత్తం బాగుందా అని కాదు, అందులో కదలకుండా, స్పష్టంగా ఉన్న రెండు మూడు సెకన్లు ఉన్నాయా అని. ముప్ఫై ఏడింటిలో తొమ్మిది మిగిలాయి, వాడినవి ఆరు. వాట్సాప్‌లో ఫార్వర్డ్ అయి వచ్చిన క్లిప్పులు మసకబారి ఉంటాయి, తీసిన ఫోన్ నుంచే డాక్యుమెంట్‌గా పంపించుకోండి.

చివరికి వరస ఇలా కుదిరింది. మొదటి రెండు సెకన్లు నూనెలో రొయ్యలు వేగడం, ఆ చిటపట చప్పుడుతో సహా. వెంటనే మూడు సెకన్లు సీసా దగ్గరగా, మీద పెద్ద అక్షరాలతో ‘రొయ్యల పచ్చడి, పావు కిలో 350 రూపాయలు’. సీసా తయారయ్యేది ఆఖర్న కదా అనిపిస్తుంది. కానీ ఐదు సెకన్లలోపు అమ్మేది ఏమిటో తెలియకపోతే చూసేవాళ్లు వంట వీడియో అనుకుంటారు. రేటు వేయకపోతే ‘ఎంత?’ అనే మెసేజ్‌లకే పిన్నికి రోజంతా సరిపోయేది. తర్వాత మూడు సెకన్లు కారం కలిపే చెయ్యి, మూడు సెకన్లు సీసా మూత బిగించడం, నాలుగు సెకన్లు మా తమ్ముడు వేడన్నంలో కలుపుకొని ముద్ద పెట్టుకోవడం, రెండు సెకన్లు షాపు ముందు భాగం. ఆఖరి ఐదు సెకన్లు నంబరు కార్డు. మొత్తం 22 సెకన్లు. మీకైతే మొదటి షాట్ పాకంలోంచి స్వీటు పైకి తీయడమో, విరిస్తే లోపలి కోవా కనపడటమో అవ్వాలి.

ముద్ద పెట్టుకునే క్లిప్పు అడ్డంగా తీసింది. నిలువు ఫ్రేములో అలాగే పెడితే పైనా కిందా నల్ల పట్టీలు వస్తాయి, అందుకని మొహం, చెయ్యి ఉన్న మధ్య భాగాన్ని జూమ్ చేసి నింపాను. కారం కలిపే క్లిప్పు పాత బల్బు వెలుతురులో పసుపుగా ఉంది. సీసా షాట్ పక్కన పచ్చడి రంగే మారినట్టు కనపడింది. ఇన్‌షాట్ అనే ఎడిటింగ్ యాప్‌లో ఆ క్లిప్పు ఒక్కదానికే వార్మ్‌త్ తగ్గించాను. కొనేవాడి ఇంటికి వెళ్లే రంగే వీడియోలోనూ ఉండాలి, ఎరుపు అదనంగా పెంచకండి.

వేగే చప్పుడు తప్ప మిగతా క్లిప్పుల సౌండ్ పూర్తిగా తీసేయండి. మా వాటిలో వెనకాల టీవీ సీరియల్ ఏడుపులు ఉన్నాయి! సినిమా పాట వేస్తే కాపీరైట్ వల్ల మ్యూట్ అయ్యే అవకాశం ఉంది, యాప్‌లో ఉన్న మామూలు సంగీతం చాలు. కస్టమర్ మొహం కనపడితే అడిగే వాడండి.

ఇక చివరి కార్డు. మొదట నేను ‘కాల్ చేయండి, వాట్సాప్ చేయండి, షాపుకి రండి, ఫాలో అవ్వండి’ అని నాలుగూ రాసి, రెండు సెకన్లే ఉంచాను. నంబరు రాసుకునే టైమ్ ఎవరికీ లేదు. ఇప్పుడు ఒకటే మాట: ‘పచ్చడి కావాలంటే ఈ నంబరుకి వాట్సాప్‌లో మీ ఊరి పేరు పంపండి’. ఊరి పేరు టైప్ చేయడం తేలిక, కొరియర్ ఖర్చు లెక్కకట్టడానికి పిన్నికీ అదే కావాలి. నంబరు స్క్రీన్ మధ్యలో ఉండాలి. రీల్‌లో కింద పేరు, క్యాప్షన్, కుడివైపు లైక్ గుర్తులు వచ్చి కప్పేస్తాయి. మా మొదటి వీడియోలో ఆఖరి మూడు అంకెలు అలాగే పోయాయి.

వీడియో మీద రాసిన లింకు నొక్కితే తెరుచుకోదు. స్టేటస్ పెట్టేటప్పుడు క్యాప్షన్‌లో wa.me/91 అని రాసి, ఖాళీ లేకుండా పది అంకెల నంబరు చేర్చండి. ప్లస్ గుర్తు, ముందు సున్నా వద్దు. పెట్టాక ఇంకొకరి ఫోన్‌లో నొక్కి చూడండి. మేము సున్నా కలిపి పెట్టి, రెండు రోజులు ఒక్క మెసేజ్ రాక, బేరాలు లేవేమో అని టెన్షన్ పడ్డాం.