ఒక బల్బు తీసేస్తే మిగతావి ఎందుకు మారతాయి?

“6 వోల్టుల బ్యాటరీకి A సిరీస్‌లో ఉంది, దాని తర్వాత B, C పారలల్‌లో ఉన్నాయి. మూడూ ఒకేరకం బల్బులు. C తీసేస్తే A, B వెలుగు ఏమవుతుంది? పారలల్ కదా, B మారదు అని రాశాను, తప్పన్నారు.”

B మారదనే మాట B నేరుగా బ్యాటరీ రెండు చివరలకూ కలిసి ఉంటేనే నిజం. మీ బొమ్మలో బ్యాటరీ పొడవు గీత (ప్లస్) నుంచి వేలు పెట్టి తీగ వెంట వెళ్లండి. ముందు A గుర్తు, అంటే గుండ్రంలో ఇంటూ, దాటాకే చీలిక చుక్క వస్తుంది. అంటే B వోల్టేజి A మీద ఆధారపడి ఉంది.

ఒక్కో బల్బు 2 ఓమ్‌లు అనుకుందాం. B, C కలిసి 1 ఓమ్, A తో మొత్తం 3. కరెంటు 2 ఆంపియర్లు. A కి 4 వోల్టులు, B కి 2 వోల్టులే.

C తీశాక మొత్తం 4 ఓమ్‌లు, కరెంటు 1.5 ఆంపియర్లు. ఇప్పుడు A కి 3, B కి 3 వోల్టులు. A పవర్ 8 వాట్ల నుంచి 4.5కి తగ్గి మసకబారుతుంది. B 2 వాట్ల నుంచి 4.5కి పెరిగి ఎక్కువగా వెలుగుతుంది.

చాలామంది ఇక్కడ బ్యాటరీ ఎప్పుడూ అదే కరెంటు ఇస్తుందనుకుని పొరబడతారు. స్థిరంగా ఉండేది వోల్టేజి. నిజం బల్బులో ఫిలమెంటు వేడిని బట్టి నిరోధం మారుతుంది కాబట్టి అంకెలు కొంచెం అటూఇటూ అవుతాయి, కానీ A తగ్గడం, B పెరగడం మాత్రం మారదు.