చిలుము గురించి రాసే ముందు స్కేలు తీయి

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. ఆకాశాన్ని చూసి వేళ తెలుసుకునే ఆ ఇత్తడి ఆస్ట్రోలేబ్ మీద చిలుము రంగు, అరిగినట్టున్న అంచులు, అరబిక్ అక్షరాల వంపు, వీటి మీదే మూడు పేజీలు రాశావు. చివర "17వ శతాబ్దంలో లాహోరులో తయారైన పరికరం" అని తేల్చేశావు. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందా అని వెతికితే అమ్మేవాళ్లు పెట్టిన చీటీ తప్ప ఇంకేమీ కనిపించలేదు. లాహోరులో అల్లాదాద్ కుటుంబం నాలుగు తరాల పాటు 16, 17 శతాబ్దాల్లో గొప్ప ఆస్ట్రోలేబ్‌లు చేసిన మాట నిజమే, అందుకే ఆ ఊరి పేరు కొత్త సరుకు మీద కూడా తరచుగా కనిపిస్తుంది. ఈ వ్యాసం ఇప్పుడే బయట పెట్టకు. ముందు ఆ వస్తువును కొలువు.

చిలుము తెప్పించడానికి రసాయనాలున్నాయి, అంచులు అరగదీయడానికి రాపిడి కాగితం చాలు. చూపుకు పాతగా అనిపించేవన్నీ ఒక పూటలో చేసెయ్యొచ్చు. కానీ ఆస్ట్రోలేబ్ అంటే లెక్క ప్రకారం గీసిన ఆకాశపటం. దక్షిణ ధ్రువం దగ్గర కన్ను పెట్టి, ఆకాశగోళం మొత్తాన్ని ఒక చదునైన పలక మీద పరిచినట్టు ఊహించుకో. అలా పరిచినప్పుడు మకర రేఖ, ఖగోళ మధ్యరేఖ, కర్కాటక రేఖ ఒకే కేంద్రం చుట్టూ మూడు వృత్తాలవుతాయి, వాటి సైజుల నిష్పత్తి భూమి అక్షం ఎంత వాలి ఉందన్న దాని మీద మాత్రమే ఆధారపడుతుంది. లాహోరులో చేసినా ఇస్ఫహాన్‌లో చేసినా నురెంబర్గ్‌లో చేసినా ఆ నిష్పత్తి మారదు. బయటి మకర వృత్తాన్ని 1 అనుకుంటే మధ్య వృత్తం 0.656, లోపలిది 0.43. అలంకరణ కోసం చేసేవాళ్లకు ఈ లెక్కతో పని లేదు, వాళ్లు ఒక ఫొటో చూసి అందంగా కనిపించేలా గీస్తారు, కాబట్టి తేడా ముందు బయటపడేది ఇక్కడే.

నువ్వు పంపిన ఫొటోల్లో ఒకటి స్కేలు పక్కన పెట్టి ఎదురుగా తీసింది, అదొక్కటీ పనికొచ్చింది. (ఇకముందు కూడా దూరంగా నిలబడి జూమ్ చేసి తీయి, దగ్గరగా పక్కనుంచి తీస్తే వృత్తం కోడిగుడ్డు ఆకారంలోకి పోయి కొలతలన్నీ చెడతాయి.) అందులో బయటి వృత్తం వ్యాసార్థం 70 మిల్లీమీటర్లు. లెక్క ప్రకారం మధ్యది 46, లోపలిది 30 ఉండాలి. లోపలిది సరిగ్గా 30 వచ్చేసరికి నేనూ ఒక్క క్షణం ఆశపడ్డాను. మధ్యది కొలిస్తే 50. అంటే 70, 50, 30. సమాన దూరాల్లో మూడు గీతలు. ఇలా గీసేది కంటికి తూకంగా ఉండాలనుకునే చిత్రకారుడు. పరికరం చేసేవాడికి నాలుగు మిల్లీమీటర్ల తేడా ఊహకందని తప్పు, అతను అర మిల్లీమీటరు కోసం తంటాలు పడేవాడు.

తర్వాత క్షితిజ రేఖ చూడు. పలక మీద అడ్డంగా వంపు తిరిగి కనిపించే పెద్ద చాపం అది. సూర్యుడు ఉదయించడం, అస్తమించడం అక్కడే చదువుతారు. పగలూ రాత్రీ సమానమయ్యే విషువ దినాన సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయిస్తాడు కదా, కాబట్టి ఏ అక్షాంశానికి గీసిన పలక అయినా సరే ఆ చాపం, మధ్య వృత్తం, తూర్పు పడమరలను కలిపే అడ్డగీత, ఈ మూడూ రెండు వైపులా ఒకే బిందువులో కలవాలి. దీనికి అక్షాంశం తెలియక్కర్లేదు, అంకెలు చదవడం కూడా రానక్కర్లేదు, అందుకే నాకు అన్నిటికంటే ఇష్టమైన పరీక్ష ఇది. నీ ఫొటోలో చాపం ఆ బిందువుకు నాలుగు మిల్లీమీటర్లు కింద నుంచి పోతోంది.

ఇంక పైన తిరిగే జాలీ. నువ్వు దాని తీగలూ ఆకులూ ఎంతో ప్రేమగా వర్ణించావు, కానీ అందులో సూర్యమార్గాన్ని చూపే రాశుల వలయం దగ్గర ఆగలేదు. ఆ వలయం కేంద్రానికి పక్కకు జరిగి ఉంటుంది. ఆకాశంలో ఒక్కో రాశి 30 డిగ్రీలే, కానీ పలక మీద పరిచినప్పుడు కేంద్రానికి దగ్గరగా ఉన్న కర్కాటకం ఇరుకైపోతుంది, దూరంగా ఉన్న మకరం సాగిపోతుంది. నీ 70 మిల్లీమీటర్ల పలక మీద వలయం బయటి అంచున కర్కాటకం ఒక కొస నుంచి రెండో కొసకు సుమారు 17 మిల్లీమీటర్లు రావాలి, మకరం 38 రావాలి. రెట్టింపు కంటే ఎక్కువ. నీ దాంట్లో పన్నెండు గళ్లూ గడియారం ముఖం మీద గంటల్లా సమానంగా ఉన్నాయి. నక్షత్రాల చోట్లు చూపించే ముళ్లు కూడా చూడు, ఎడమ వైపు ఎన్ని ఉంటే కుడి వైపు అన్నే, అద్దంలో చూసినట్టు. అసలైన జాలీలో తీగల అల్లిక ఎడమ కుడి ఒకేలా ఉండొచ్చు, ముళ్ల కొసలు మాత్రం ఉండవు, ఎందుకంటే ఆకాశంలో నక్షత్రాలు అలా లేవు.

ఈ మూడూ కలిపి చూస్తే నీ చేతిలో ఉన్నది ఆస్ట్రోలేబ్ రూపంలో ఉన్న అలంకరణ వస్తువు. దానితో వేళ చూడటం ఎప్పుడూ కుదరదు.

అయితే లెక్క సరిపోతే పాతదని కూడా అనుకోకు, ఇక్కడే నాకు ఒకసారి దెబ్బ తగలబోయింది. చాలా ఏళ్ల కింద ఒకాయన తన సేకరణలోంచి 1600 ప్రాంతానిదని చెప్పి ఒకటి చూపించాడు. వృత్తాలు సరిగ్గా ఉన్నాయి, క్షితిజం సరిగ్గా ఉంది, రాశుల వలయం కూడా సరిగ్గా ఉంది. వ్యాసం సగం రాసేశాక జాలీ మీద మఘ నక్షత్రం ముల్లు గుర్తొచ్చింది, అంటే రెగ్యులస్. ఇది సూర్యమార్గానికి అర డిగ్రీ కూడా దూరంలో ఉండదు, కాబట్టి దాని ముల్లు కొస దాదాపు రాశుల వలయం మీదే పడుతుంది, డిగ్రీ నేరుగా చదివెయ్యొచ్చు. విషువ బిందువు ప్రతి 72 ఏళ్లకు సుమారు ఒక డిగ్రీ వెనక్కి జరుగుతుంది, దాంతో నక్షత్రాల స్థానాలు అంతే ముందుకు పెరుగుతాయి. 1600లో మఘ సింహంలో 24 డిగ్రీల దగ్గర ఉండాలి, 2000 నాటికి దాదాపు 30కి చేరింది. (పంచాంగంలో మఘ సింహరాశి మొదట్లోనే ఉంటుంది కదా అని కంగారుపడకు, అది నిరయన లెక్క, ఈ పరికరాల మీద ఉండేది విషువం నుంచి కొలిచే సాయన లెక్క.) ఆయన చూపించిన దాంట్లో ముల్లు 29న్నర మీద ఉంది. ముల్లు వంగి ఉంటుందేమోనని ఇంకో నాలుగు నక్షత్రాలు చూశాను, అన్నీ ఒకే వైపు, దాదాపు అంతే ముందుకు ఉన్నాయి. అది మన కాలపు నక్షత్ర పట్టికతో ఎవరో శ్రద్ధగా చేసిన ప్రతి. వాడుకోవడానికి చక్కగా పనికొస్తుంది, పాతది మాత్రం కాదు.

ఈ పరీక్ష ఒక వైపే పని చేస్తుందని గట్టిగా గుర్తుపెట్టుకో. పాత నిపుణులు చాలామంది తమకంటే ముందు కాలపు పట్టికలు చూసి గీసేవాళ్లు, కాబట్టి నక్షత్రాలు రావలసిన చోటు కంటే ఒకటి రెండు డిగ్రీలు వెనక ఉంటే ఆశ్చర్యం లేదు, దాన్ని బట్టి తయారైన సంవత్సరం చెప్పలేం. కానీ అన్ని నక్షత్రాలూ నాలుగైదు డిగ్రీలు ముందుకు ఉంటే ఆ పట్టిక వాళ్ల కాలంలో ఉండే వీలే లేదు. యూరప్ ఆస్ట్రోలేబ్‌ల వెనక ఇలాంటిదే ఇంకో గుర్తు ఉంటుంది, తేదీలకూ రాశులకూ జోడీ కుదిర్చే వలయం. గ్రెగొరియన్ క్యాలెండర్ వచ్చింది 1582లో, అంతకు ముందు 16వ శతాబ్దంలో మేషం మొదలయ్యేది మార్చి 10, 11 ప్రాంతంలో. "1550" అని చెక్కిన పరికరం మీద మేషం మార్చి 21న మొదలైతే ఆ సంవత్సరం అంకెను నమ్మకు.

లోహం గురించి కూడా రాయాలనుకుంటే భూతద్దంతో గీత అడుగు చూసి రాయి. ఉలితో చెక్కిన గీత అడుగున సన్నగా కోసినట్టుంటుంది, మొదలు, చివర సూదిలా తేలిపోతాయి. పోతపోసిన దాంట్లో గీత అంచులు మొద్దుబారి, అడుగు ఇసుక ఇసుకగా ఉంటుంది. పలక మందం నాలుగైదు చోట్ల కాలిపర్స్‌తో కొలువు, సుత్తితో సాగగొట్టిన రేకు అంతటా ఒకే మందం ఉండదు. నడుమ శీలను పాతవాటిలో చిన్న చీలిక ముక్క దూర్చి బిగిస్తారు, నీ ఫొటోలో అక్కడ నట్టు కనిపిస్తోంది. అయితే మరమ్మతులో మార్చిన భాగాలు పాతవాటిలోనూ ఉంటాయి, కాబట్టి ఒక్క నట్టును బట్టి తీర్పు చెప్పకు.

నీ వ్యాసంలో పక్కన ప్రస్తావించిన మిగతా రెండు వస్తువులకు ఇంత శ్రమ అక్కర్లేదు. ఓడల్లో కోణాలు కొలవడానికి వాడే ఆ సెక్స్టెంట్ మీద "కెల్విన్ అండ్ హ్యూస్, 1917" అని ఉందన్నావు. ఆ రెండు పేర్లూ ఒక్క కంపెనీగా కలిసింది 1940ల్లో, కాబట్టి 1917లో ఆ పేరు చెక్కే వీలు లేదు. బల్లపరుపు నీడ గడియారానికైతే ముల్లు ఏటవాలు కోణం ఆ చోటి అక్షాంశంతో సమానంగా ఉండాలి, గంటల గీతలు మధ్యాహ్నం దగ్గర ఇరుకుగా, ఉదయం ఆరు, సాయంత్రం ఆరు దగ్గర వెడల్పుగా ఉండాలి. లండన్ అక్షాంశంలో 12కీ 1కీ మధ్య 12 డిగ్రీల లోపే, 5కీ 6కీ మధ్య 19. అన్నీ 15 చొప్పున సమానంగా ఉంటే అది తోటలో అందం కోసం పెట్టేది.

రాసేటప్పుడు "నకిలీ" అనే మాట మాత్రం వెంటనే వాడకు. అలంకరణ ప్రతి చేసినవాడు తప్పు చేయలేదు, దానికి లేని వయసు అంటగట్టిన దగ్గరే మోసం మొదలవుతుంది, ఆ అంటగట్టింది ఎవరో నీకు తెలియదు. కొలతలు రాయి, రావలసిన అంకె పక్కనే వచ్చిన అంకె పెట్టు, "అమ్మినవాళ్లు చెప్పిన ప్రకారం" అన్న ముక్కను ఆ శతాబ్దం పేరుకు ముందు చేర్చు.

ఈలోగా ఆ నట్టు విప్పి జాలీ పక్కన పెట్టి, కింద పలకలు ఎన్ని ఉన్నాయో, ఒక్కోటి రెండు వైపులా ఎదురుగా ఫొటో తీసి పంపు. పలకలు విడిగా రాకుండా ఒకే రేకు మీద అంతా గీసేసి ఉంటే అది కూడా వ్యాసంలో రాయాల్సిన సంగతే.

మీ అన్నయ్య