ఎక్కువ మొత్తానికి చెక్కు వేసి, మిగతాది ఏజెంటుకు పంపమన్నాడు

ప్రశ్న: లాయరు గారూ, మా ముత్తాతగారు కొన్న గోడ గడియారాన్ని ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టాను. వందేళ్లు దాటిందని ఇంట్లో అంటారు. ఢిల్లీ నుంచి అంటూ ఒకాయన ఫోన్ చేసి, లండన్‌లో ఉన్న కొడుక్కి పంపిస్తానని చెప్పి, బేరమాడకుండా రూ.85,000కు ఒప్పుకున్నాడు. ఆయన చెప్పిన వాల్యుయర్‌కు రూ.6,500 కట్టి సర్టిఫికెట్ తీసుకున్నాను. తర్వాత నా ఖాతాలో రూ.1,33,000కు చెక్కు వేసి, ‘పైనున్న రూ.48,000 షిప్పింగ్ ఏజెంటుకు పంపండి, ఆయనే వచ్చి గడియారం తీసుకెళ్తాడు’ అన్నాడు. ఖాతాలో మొత్తం కనిపించడంతో యూపీఐలో పంపేశాను. సోమవారం చెక్కు వెనక్కి వచ్చింది, బ్యాంకు ఆ డబ్బు తీసేసింది. గడియారం ఇంట్లోనే ఉంది. అది పంపకపోతే కేసు పెడతానని ఇప్పుడు బెదిరిస్తున్నాడు. బ్యాంకు అలా తీసేయొచ్చా? చెక్ బౌన్స్ కేసు వేయొచ్చా? నామీద కేసు అవుతుందా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ముందు గడియారం సంగతి. దాన్ని ఎవరికీ ఇవ్వకండి. వస్తువుల విక్రయ చట్టం, 1930లోని 45వ సెక్షన్ ప్రకారం, ధర కింద తీసుకున్న చెక్కు చెల్లకపోతే అమ్మినవారికి డబ్బు అందనట్టే లెక్క. ధర చేతికి అందేదాకా వస్తువును దగ్గర ఉంచుకునే హక్కు 47వ సెక్షన్ మీకిస్తోంది. కాబట్టి ఆ బెదిరింపులో పస లేదు. ఫోన్‌లో వాదించకండి. మెసేజ్‌లు, కాల్ వివరాలు మాత్రం చెరిపేయకుండా దాచండి, అవే రేపు మీ సాక్ష్యం.

ఇక బ్యాంకు. చెక్కు ఏ రోజు వేశారో మీరు రాయలేదు గానీ, ఇలాంటి చెక్కులు చాలావరకు సెలవుల ముందు సాయంత్రమే డ్రాప్ బాక్సులో పడతాయి. చెక్కు వేయగానే ఖాతాలో కనిపించే అంకె ఇంకా మీ డబ్బు కాదు. చెక్కు ఇచ్చినవారి బ్యాంకు సొమ్ము చెల్లిస్తేనే అది మీదవుతుంది. అంతవరకూ మీ బ్యాంకు మీ తరఫున వసూలు చేసిపెట్టే ఏజెంటు మాత్రమే. అందుకే చెక్కు తిరిగొస్తే ఆ అంకెను తీసేసే హక్కు దానికుంది. మీ పాస్‌బుక్ తీసి చూడండి. చెక్కు పడకముందు ఖాతాలో ఉన్న సొంత సొమ్ములోంచే ఆ రూ.48,000 పోయి ఉంటుంది. మోసమంతా ఉన్నది ఇక్కడే. వాడి చెక్కు కాగితమే, మీ యూపీఐ మాత్రం నిజం. కొనేవాడు తన ఏజెంటుకు తానే డబ్బు కట్టుకోవచ్చు కదా, మీ ఖాతా గుండా తిప్పాల్సిన పనేమిటి? ఆ తిప్పడం లేకపోతే వాడికి మిగిలేది ఏమీ లేదు.

అనధికార లావాదేవీల్లో ఖాతాదారు బాధ్యతను తగ్గిస్తూ రిజర్వ్ బ్యాంక్ 2017 జులైలో ఇచ్చిన ఆదేశాలు మీకు పనికొస్తాయని కొందరు చెబుతారు. పనికిరావు. అవి మీకు తెలియకుండా ఖాతాలోంచి డబ్బు పోయినప్పుడు వర్తిస్తాయి. ఇక్కడ మోసపోయినా సరే, పిన్ నొక్కింది మీరే.

చెక్ బౌన్స్ కేసు గురించి. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద వెళ్లాలంటే, చెక్కు తిరిగొచ్చిన సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు పంపాలి. అది అందాక ఎదుటివారికి 15 రోజుల గడువు ఉంటుంది. అప్పటికీ కట్టకపోతే నెలలోపు కోర్టుకు వెళ్లాలి. నోటీసు పంపే ముందు బ్యాంకు ఇచ్చిన రిటర్న్ మెమోలో కారణం చదవండి. సంతకం సరిపోలలేదనో, చెక్కు ఇచ్చినవారే చెల్లింపు ఆపించారనో ఉంటే అది ఎవరో పోగొట్టుకున్న చెక్కు కావచ్చు. సంతకం తేడా ఉన్నా 138 వర్తించవచ్చని సుప్రీంకోర్టు 2012లో లక్ష్మీ డైకెమ్ కేసులో చెప్పింది. కానీ ఆ తీర్పు ఖాతాదారే తెలివిగా చెల్లింపు తప్పించుకునే సందర్భాలకు. దొంగిలించిన చెక్కైతే అసలు ఖాతాదారు మీకేమీ బాకీ లేడు. ఆయన కూడా మీలాంటి బాధితుడే. నోటీసు ఇచ్చి నెలలు పోగొట్టుకోవడం కంటే, మెమో కాపీని పోలీసు ఫిర్యాదుకు జతచేయడమే నా సలహా.

ఆ ఫిర్యాదు ఇప్పుడే చేయండి, ఈ జవాబు మిగతాది తర్వాత చదవొచ్చు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, లేదా cybercrime.gov.in లో నమోదు చేయండి. యూపీఐ లావాదేవీ నంబరు, ఏజెంటు యూపీఐ ఐడీ, తేదీ, సమయం ఇస్తే, ఆ డబ్బు చేరిన బ్యాంకు మిగిలిన మొత్తాన్ని ఆపుతుంది. ఆ ఖాతా ఏజెంటుది కాకపోవచ్చు. అద్దెకు తీసుకున్న ఖాతాలోంచి డబ్బు గంటల్లోనే మరో రెండు మూడు ఖాతాలకు వెళ్లిపోతుంది. అందుకే ఆలస్యమైనకొద్దీ ఆపగలిగేది తగ్గుతుంది. వాల్యుయర్‌కు కట్టిన రూ.6,500 కూడా అదే ఫిర్యాదులో రాయండి. ముగ్గురూ ఒకే ముఠా అయ్యే అవకాశం ఎక్కువ. ఆ తర్వాత స్థానిక స్టేషన్‌లో ఎఫ్‌ఐఆర్ నమోదు చేయించండి. నేరం ఢిల్లీలో జరిగిందని వెనక్కి పంపకూడదు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం పరిధితో సంబంధం లేకుండా ఫిర్యాదు తీసుకోవాలి. భారతీయ న్యాయ సంహిత 318(4) కింద మోసానికి ఏడేళ్ల వరకు శిక్ష ఉంది. ఐటీ చట్టం 66డి కూడా చేర్చమని అడగండి. ఖాతాలో ఆగిన సొమ్ము దానంతటదే మీకు రాదు, కోర్టు ఉత్తర్వు తెచ్చుకోవాల్సి రావచ్చు. తెలంగాణలో లోక్ అదాలత్ ద్వారా ఇలాంటి సొమ్ము బాధితులకు తిరిగి ఇప్పించారు. మీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడిగి చూడండి.

ఆ వాల్యుయర్ సర్టిఫికెట్‌కు చట్టంలో విలువ లేదు. సొంతింటి పాత వస్తువు ఒకటి అమ్ముకోవడానికి ధర నిర్ణయించే సర్టిఫికెట్ తప్పనిసరి కాదు. పురావస్తు శాఖ ధరలు కట్టదు. అది చెప్పేది వస్తువు చట్టం ప్రకారం పురావస్తువా, కాదా అన్నదే. కొనేవాడే వాల్యుయర్‌ను చూపించాడంటే అక్కడే అనుమానించాలి. ఈ మోసంలో ఇంకో రకం కూడా ఉంది. వాల్యుయర్ మీ వస్తువు నకిలీ అని తేలుస్తాడు, తర్వాత అతని మనిషి వచ్చి చవగ్గా కొనుక్కుపోతాడు. అభిప్రాయం కావాలంటే కొనే ఉద్దేశం లేని, మీరే వెతుక్కున్న గడియారాల మెకానిక్‌ను అడగండి.

షిప్పింగ్ ఏజెంటు ఇచ్చిన బిల్లులో జీఎస్టీ నంబరు ఉంటే gst.gov.in లో వెతకండి. అక్కడ కనిపించే పేరు, ఊరు బిల్లుతో సరిపోకపోతే ఆ స్క్రీన్‌షాట్ కూడా పోలీసులకివ్వండి.

‘లండన్‌కు పంపిస్తాను’ అన్న మాట నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది. పురావస్తువులు, కళానిధుల చట్టం, 1972 ప్రకారం సాధారణంగా వందేళ్లు, ఆపైన వయసున్న కళాత్మక, చారిత్రక వస్తువులు పురావస్తువులు. వాటిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడాన్ని 3వ సెక్షన్ నిషేధిస్తోంది. ఆ నిషేధాన్ని ఉల్లంఘిస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు. చెక్కు నిజంగానే చెల్లి, గడియారం పోర్టులో పట్టుబడి ఉంటే, తెలిసి అమ్మిన మీరూ సమాధానం చెప్పుకోవాల్సి వచ్చేది. మీకు నిజంగా ఇబ్బంది తేగలిగేది అదొక్కటే. దేశంలో ఎవరికైనా అమ్ముకోండి, అభ్యంతరం లేదు. విదేశానికి పంపాలని ఎవరైనా అడిగితే, అది పురావస్తువు కాదని పురావస్తు శాఖ నిపుణుల కమిటీ ఇచ్చే పత్రం చేతికి వచ్చేదాకా మాట ఇవ్వకండి. ఆ పత్రం ఇప్పిస్తానని మధ్యలో ఎవరైనా తన యూపీఐకి డబ్బు అడిగితే, ఆ నంబరు కూడా 1930కి చెప్పండి.