రాడ్డు, హోల్డర్, ఎర్త్: వెల్డింగ్ షాపు ఫొటోకు పేర్లు

సందేహం: మిర్యాలగూడలో మా తమ్ముడి వెల్డింగ్ షాపు ఫొటో ఒకటి పిల్లల బొమ్మల పుస్తకంలో వేస్తున్నాం సార్. అందులోని వస్తువులకు బాణం గుర్తులు పెట్టి 'వెల్డింగ్ కడ్డీ', 'టార్చ్', 'భూమి పట్టు' అని రాశాను. తమ్ముడు చూసి నవ్వి, ఇవేవీ మా షాపులో లేవక్కా అన్నాడు. ఫొటో జత చేశాను. ఏమని రాయాలి?

సమాధానం: మీ తమ్ముడే నెగ్గాడమ్మా. మూడింటిలో రెండు పేర్లు మార్చేయాలి. మిగిలిన 'టార్చ్' వేరే పనిముట్టు పేరు, ఆ పనిముట్టు మీ ఫొటోలో లేనే లేదు.

ముందు కడ్డీ సంగతి. నిఘంటువు ప్రకారం తప్పు కాదు. కానీ ఫొటోలో మీ తమ్ముడు చేస్తున్నది కిటికీ గ్రిల్. ఆ షాపులో కడ్డీ అంటే గ్రిల్‌లో నిలువుగా కూర్చే చువ్వ, అంటే అతికించబడేది. అతికించేదాన్నీ అతుక్కునేదాన్నీ ఒకే మాటతో పిలిస్తే బాణం గుర్తు ఉన్నా పిల్లలు తికమక పడతారు. 'సలాక' అందామా అంటే మన దిక్కు అది స్లాబులో వేసే ఇనుము. కాబట్టి షాపులో అనే 'రాడ్డు' మాటే రాయండి, బహువచనం 'రాడ్లు'. పైన బూడిద రంగు పూత ఉండి, ఒక కొసన సుమారు అంగుళం మేర పూత లేకుండా తీగ బయటికి కనిపిస్తున్నదే రాడ్డు. ఆ కొసనే హోల్డర్‌లో పెడతారు, కరెంటు ఎక్కేది అక్కడినుంచే. పూత కరిగి పొగా వాయువూ అయి, ద్రవంగా ఉన్న లోహానికి గాలి తగలకుండా కాపాడుతుంది. చల్లారాక అతుకు మీద పెంకులా మిగిలితే సుత్తితో కొట్టి రాలుస్తారు.

'ఎలక్ట్రోడ్' అంటే? తప్పు కాదు, రాడ్ల ప్యాకెట్ మీద ఉండేది ఆ మాటే. అయితే అది రాడ్డుకు మారుపేరు కాదు. కరెంటు చేరి ఆర్క్ అనే మెరుపు లేచే కొస ఏదైతే అది ఎలక్ట్రోడ్. మీ తమ్ముడి షాపులో రాడ్డే ఎలక్ట్రోడ్, అదే కరిగి అతుకులో కలిసిపోతుంది. టిగ్ అనే మరో రకం వెల్డింగ్‌తో స్టీలు రెయిలింగ్ చేసే షాపుకు పోతే ఈ రెండూ విడిపోతాయి. అక్కడ ఎలక్ట్రోడ్ టంగ్‌స్టన్ సూది, అది కరగదు. రెండో చేత్తో పక్కనుంచి అందించే సన్నని తీగను కూడా రాడ్డే అంటారు. దానికి హోల్డర్ ఉండదు, మెషిన్‌కు కలపరు. అందుకని మీ ఫొటోకు ఎలక్ట్రోడ్ అని రాసినా చెల్లుతుంది, రేపు ఎవరైనా టిగ్ ఫొటో తెస్తే మాత్రం జాగ్రత్త.

బల్ల మీది ప్యాకెట్‌పై 6013, 3.15 × 350 అన్న అంకెలు కనిపిస్తున్నాయి. మొదటిది రాడ్డు రకం. 60 అంటే అతుకు లోహం చదరపు అంగుళానికి కనీసం 60 వేల పౌండ్ల లాగుడు తట్టుకుంటుందని. తరువాతి 1 అంటే నిలువుగా, తలమీదుగా, ఎటైనా వెల్డింగ్ చేయవచ్చని. చివరి రెండంకెలు కలిపి చూస్తే పూత రకం తెలుస్తుంది. రెండోది కొలత: లోపలి తీగ లావు 3.15 మిల్లీమీటర్లు, పొడవు 350. పూత ఆ లావులోకి రాదు. షాపుల్లో దీన్నే పదో నంబరు అంటారు, 2.5 మిల్లీమీటర్లది పన్నెండో నంబరు. నంబరు పెరిగితే రాడ్డు సన్నబడుతుంది, పాత తీగ గేజీ లెక్క అది. పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న ఇదే.

ఇక టార్చ్. మీ తమ్ముడి కుడిచేతిలో ఉన్నది 'హోల్డర్'. పిడి, దాని ముందు రాడ్డును కరిచి పట్టే దవడలు, వెనుక లావు కేబుల్, అంతే. గ్యాసు గొట్టం లేదు, నొక్కే స్విచ్చి లేదు. టార్చ్ అనిపించుకోవాలంటే ముందు కొసనుంచి ఏదో ఒక వాయువు రావాలి. మిగ్ అనే ఇంకో రకం వెల్డింగ్ టార్చ్‌లో తీగా గ్యాసూ కలిసి వస్తాయి, పిడి మీద స్విచ్చి ఉంటుంది. గ్యాస్ కటింగ్ టార్చ్‌కు రెండు గొట్టాలు, వాటి వెనుక సిలిండర్లు: ఆక్సిజన్‌ది నలుపు, ఎసిటిలీన్‌ది ముదురు ఎరుపు. మీ ఫొటోలో ఇవేవీ లేవు, ఆ బాణం దగ్గర 'టార్చ్' తీసేసి 'హోల్డర్' అని రాయండి.

అసలు చిక్కు మూడో బాణంతోనే. 'భూమి పట్టు' అని రాస్తే ఆ కేబుల్ భూమిలోకి పోతోందని పిల్లలు అనుకుంటారు. పోదు. మెషిన్‌లో బయలుదేరిన కరెంటు హోల్డర్, రాడ్డు, ఆర్క్, జాబు అంటే అతికిస్తున్న ఇనుము మీదుగా, దాన్ని కరిచి పట్టిన ఈ క్లాంప్‌కు వచ్చి, దాని కేబుల్ వెంట తిరిగి మెషిన్‌కే చేరుతుంది. ఇది వాపసు దారి. షాక్ కొట్టకుండా మెషిన్ బాడీకి కలిపే ఆకుపచ్చ వైరు వేరు, దాని దారి వేరు. రెంటినీ 'ఎర్త్' అనే పిలుస్తున్నాం కనుక, క్లాంప్ ఉందిగా ఇంకెందుకని ఆ ఆకుపచ్చ వైరును వదిలేసే షాపులూ ఉంటాయి. క్లాంప్ ఆ వైరు పని చేయదు.

దారి అన్న సంగతి మీ ఊళ్లో రైసుమిల్లుల వాళ్లకు బాగా అర్థమవుతుంది. షాఫ్టు మీది పుల్లీ పగిలిందని వెల్డర్‌ను పిలుస్తారు. చేతికి అందిందని క్లాంప్‌ను మిల్లు ఫ్రేముకు తగిలిస్తే, పుల్లీలో దిగిన కరెంటు ఫ్రేముకు చేరడానికి బేరింగ్ గుండా పోవాలి. గుండ్లకూ రింగులకూ మధ్య చిన్నచిన్న నిప్పురవ్వలు లేచి గుంటలు పడతాయి. అప్పటికి అతుకు చక్కగానే కనిపిస్తుంది. తరువాత బేరింగ్ గరగర మొదలుపెడుతుంది, తప్పు గ్రీజు మీదికి పోతుంది. క్లాంప్‌ను పుల్లీకే, అతుకుకు దగ్గరగా బిగిస్తే కరెంటు బేరింగ్ జోలికి పోదు.

గ్రిల్ దగ్గర అంత ప్రమాదం లేదు. అక్కడ క్లాంప్ కింద రంగో తుప్పో ఉంటే ఆర్క్ తెగి తెగి వస్తుంది, రాడ్డు అంటుకుపోతుంది, క్లాంప్ దవడలు వేడెక్కి నల్లబడతాయి. మీ ఫొటోలోని క్లాంప్ దవడ ఒక వైపు నల్లగా ఉంది చూడండి. తమ్ముడికి చెప్పి అక్కడ గ్రైండర్‌తో రంగు గీకించండి.

అలాగని 'ఎర్త్' తీసేసి కొత్త మాట కట్టమని అనను. 'వాపసు బిగింపు' అని రాస్తే ఈసారి మీ తమ్ముడొక్కడే కాదు, వెల్డర్లంతా నవ్వుతారు. 'ఎర్త్ క్లాంప్' అని రాసి, కింద చిన్న అక్షరాల్లో 'కరెంటు తిరిగి మెషిన్‌కు పోయే దారి' అని చేర్చండి. ఇంకో ఫొటో వాడేటట్టయితే ఒకటి చూసుకోండి: చాలా చిన్న షాపుల్లో క్లాంపే ఉండదు, కేబుల్ కొసకు ఇనుప పట్టీ ముక్క బోల్టు చేసి జాబు కింద పెడతారు. దానికి 'ఎర్త్ వైరు' అంటే చాలు.

క్లాంప్, క్లాంపు రెండూ సరైనవే. పుస్తకమంతా ఒకటే వాడండి.