ఆరు శత్రంజీలా, ఆరేసి శత్రంజీలా?

సందేహం: మా బడికి నేల మీద పరిచే శత్రంజీలు కావలసి ఒక నేత సంఘానికి ఇలా రాశాను: “మా పాఠశాల నాలుగు గదులకు 6 శత్రంజీ కావాలి. సైజు 6/9. దాని ధరలు తెలియజేయగలరు.” వాళ్లు ఆరింటికే కొటేషన్ పంపారు. నాకు కావలసినవి గదికి ఆరు. నా తెలుగులో తప్పుందా, వాళ్లు సరిగా చదవలేదా? – ఒక ఉపాధ్యాయుడు, హనుమకొండ

సమాధానం: తప్పు మీ వాక్యంలోనే ఉంది. కాకపోతే ఆరింటిని నాలుగు గదులకు పంచితే గదికి ఒకటిన్నర వస్తుంది. శత్రంజీని ఎవరూ సగానికి కోయరు కదా, అక్కడైనా వాళ్లకు అనుమానం రావాల్సింది.

మీరు నోటితో అడిగి ఉంటే ఈ చిక్కు వచ్చేది కాదు. “నాలుగు గదులకు ఆరేసి కావాలె” అనేవారు, లేదా మన దగ్గర అన్నట్టు “ఆరారు” అనేవారు. ఒక్కో గదికీ ఆరు అని అవతలివాళ్లకు వెంటనే తెలిసేది. ఆ పని చేసేది ‘ఏసి’ అనే ప్రత్యయం: రెండేసి, నాలుగేసి, పదేసి. అయితే అది అక్షరాల్లో రాసిన సంఖ్యకే అతుకుతుంది. ఉత్తరంలో 6 అని అంకె వేయగానే ‘ఏసి’కి చోటు పోతుంది, ‘6ఏసి’ అని ఎవరూ రాయరు. దానితోపాటు పంపకం అనే అర్థమూ జారిపోయి, మొత్తం ఆరు అనే అర్థం మిగులుతుంది. అంకె వేసే చోట ‘చొప్పున’ను పిలుచుకోవాలి: “గదికి 6 చొప్పున 4 గదులకు మొత్తం 24.” మొత్తం కూడా రాస్తే చదివేవాళ్లు గుణించి సరిచూసుకుంటారు.

ఇక ‘6 శత్రంజీ’. బిల్లు పుస్తకంలో ఒక గడిలో ‘శత్రంజీ’, పక్క గడిలో ‘6’ అని రాస్తాం. అక్కడ ఏకవచనమే సరి, ఎందుకంటే అది వస్తువు పేరు. ఆ గడుల అలవాటు వాక్యంలోకి వస్తే తప్పవుతుంది. వాక్యంలో ఒకటి దాటిన సంఖ్య పక్కన బహువచనం ఉండాలి: 6 శత్రంజీలు. పైగా ‘కావాలి’ అనే క్రియ వచనాన్ని బయటపెట్టదు. ఒకటైనా కావాలి, పదైనా కావాలి. అదే ‘సరిపోతాయి’ అని ఉంటే నామంలో జారినది క్రియలోనైనా దొరికేది.

అసలు డబ్బు తేడా తెచ్చేది ‘దాని ధరలు’. ‘దాని’ అంటే ఒకటి, ‘ధరలు’ అంటే పలు. ఒక్క వస్తువుకు పలు ధరలు అడిగినట్టయింది. ‘వాటి ధర’ అని దిద్దినా వ్యాకరణం కుదురుతుంది గాని అర్థం తేలదు: అన్నిటికీ కలిపా, ఒక్కోదానికా, చదరపు అడుగుకా? లెక్క కోసం చదరపు అడుగు 40 రూపాయలు అనుకుందాం. 6 అడుగుల వెడల్పు, 9 అడుగుల పొడవున్న శత్రంజీ 54 చదరపు అడుగులు, అంటే 2,160 రూపాయలు. ఇరవై నాలుగింటికి 51,840. ‘ధర’ అన్న ఒక్క మాటకు ఈ మూడు అంకెల్లో ఏదైనా జవాబు కావచ్చు. ‘ఒక్కో శత్రంజీ ధర’ అని రాస్తే రెండోదే జవాబవుతుంది.

‘6/9’ చూసి నాకు తేదీ గుర్తొచ్చింది. అడుగులని రాయండి, ఏది వెడల్పో కూడా చెప్పండి. మగ్గం వెడల్పు దాటి నేయడం కుదరదు, కాబట్టి నేతవాళ్లకు ఆ తేడా ముఖ్యం. పేరు మాత్రం మీరు రాసిందే ఉంచండి. వరంగల్ దర్రీలు అన్న పేరుతో వీటికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చినా, శత్రంజీ అంటే ఇక్కడ తెలియనివాళ్లు లేరు. ఒకే ఉత్తరంలో ఒకచోట దర్రీ, ఇంకోచోట శత్రంజీ అనకుంటే చాలు, అలా అంటే రెండు రకాలు అడిగారనుకుంటారు.

ఇలా రాయవచ్చు:

“మా పాఠశాలలోని 4 గదులకు, గదికి 6 చొప్పున, మొత్తం 24 శత్రంజీలు కావాలి. ఒక్కోటి 6 అడుగుల వెడల్పు, 9 అడుగుల పొడవు ఉండాలి. గది కొలత 18 అడుగులకు 18 అడుగులు. ఒక్కో శత్రంజీ ధర, 24 శత్రంజీల మొత్తం ధర విడివిడిగా, జీఎస్టీ కలిపి తెలియజేయండి.”

గది కొలత మీ ఉత్తరంలో లేదు, నేనే ఊహించి వేశాను. మీ గదులది వేరైతే దిద్దుకోండి. ఆ ఒక్క ముక్క ఉంటే అంకె జారినా పట్టుబడుతుంది: 18 అడుగుల్లో వెడల్పు వైపు ఆరేసి అడుగులవి మూడు పడతాయి, పొడవు వైపు తొమ్మిదేసి అడుగులవి రెండు, మూడు రెళ్లు గదికి ఆరు. ‘తెలియజేయగలరు’ను నేను ‘తెలియజేయండి’ చేశాను. ‘గలరు’ సామర్థ్యాన్ని చెప్పే మాట, ఆఫీసు ఉత్తరాల్లో మర్యాదగా మారింది. మీరు ఉంచుకున్నా పోట్లాడను.

పాత కొటేషన్ మీదే ఆరును ఇరవై నాలుగుగా దిద్ది పంపమని మాత్రం అడగకండి. వాళ్లు ధర వేసింది ఆరింటికి. కొత్త తేదీతో ఈ ఉత్తరం పంపి, ఇది మునుపటి దానికి బదులు అని పైన ఒక వాక్యం రాయండి.