ఫత్వా – హుకుం కాని మాట

సందేహం: “ఫలానావారిపై ఫత్వా జారీ” అని పేపర్లలో చదువుతుంటాం. మా ఆఫీసులో బాస్ పంపే సర్క్యులర్‌ని కూడా ఫత్వా అంటున్నారు. ఫత్వా అంటే ఆజ్ఞేనా? ఎవరైనా ఇవ్వవచ్చా? మామూలు ముస్లింలు దాన్ని తప్పక పాటించాలా? – ఒక పాఠకురాలు

సమాధానం: ఆజ్ఞ కాదమ్మా. అడిగినవాడికి చెప్పిన జవాబు. మీరు నాకు ఉత్తరం రాశారు, నేను బదులు రాస్తున్నాను, ఆ మాటలో ఉన్నది ఇదే సంబంధం. అడిగేవాడు ముస్తఫ్తీ, అడగడం ఇస్తిఫ్తా, చెప్పేవాడు ముఫ్తీ, చెప్పింది ఫత్వా. నాలుగూ ఒకే ధాతువు నుంచి వచ్చాయి.

ఈ ధాతువు ఖురాన్‌లో ఎక్కడెక్కడ వచ్చిందో చూస్తే అనుమానమే మిగలదు. యూసుఫ్ కథలో ఏడు బలిసిన ఆవుల్ని ఏడు బక్కచిక్కిన ఆవులు తినేసినట్టు రాజుకు కల వస్తుంది. ఆయన కొలువువాళ్లను పిలిచి “అఫ్తూనీ”, అంటే నా కలకు అర్థం చెప్పండి, అంటాడు. కొలువువాళ్లు రాజుకు ఆజ్ఞ ఇస్తారా? ఇంతకన్నా నాకు ఇష్టమైన చోటు 27వ అధ్యాయంలో ఉంది. సులైమాన్ దగ్గర్నుంచి లేఖ వచ్చినప్పుడు షేబా రాణి తన పెద్దలతో అదే మాట అంటుంది, “ఈ విషయంలో అఫ్తూనీ”, సలహా చెప్పండి అని. వాళ్లేమంటారు? మాకు బలముంది, పోరాడగలం, కానీ “అమ్ర్” మీదే, ఏం ఆజ్ఞాపిస్తారో మీరే చూసుకోండి, అంటారు. అమ్ర్ అంటే ఆజ్ఞ, మనకు తెలిసిన అమీరు అందులోంచి పుట్టినవాడే. రెండు వరుస వాక్యాల్లో ఫత్వా ఒకవైపు, ఆజ్ఞ ఇంకోవైపు ఇంత స్పష్టంగా విడిపోయి ఉంటే, మనవాళ్లు రెండిటినీ కలిపేసి బాస్ సర్క్యులర్‌కి తగిలించడం నాకు బాధగా ఉంటుంది. హుకుం ఉంది, ఫర్మానా ఉంది, అచ్చమైన ఆజ్ఞలకు అవి చాలవా?

ఫత్వా ఎవరివ్వాలి అంటే చదువు ఉన్నవాళ్లు. ఖురాన్, హదీసు, అరబ్బీ, ధర్మశాస్త్రం, దాంతోపాటు అడిగినవాడి పరిస్థితీ లోకాచారమూ తెలియాలి. ముఫ్తీ మగవాడే కావాలన్న నియమం లేదు, స్త్రీ కూడా ఇవ్వవచ్చని నవవీ వంటి పూర్వ పండితులే రాశారు. ఈజిప్టు వంటి దేశాల్లో ప్రభుత్వమే ముఫ్తీని నియమిస్తుంది, అక్కడ ఫత్వాలిచ్చే ప్రభుత్వ సంస్థ దారుల్ ఇఫ్తా 1895లో మొదలైంది.

ఒక ఉదాహరణ చెప్తాను. షుగర్ ఉన్న ఒకాయన రంజాన్ ఉపవాసం మానవచ్చా అని అడిగాడనుకోండి. నయమయ్యే జబ్బయితే తర్వాత ఆ రోజుల లెక్క తీర్చాలి, తగ్గే ఆశ లేకపోతే మానిన ఒక్కో రోజుకి ఒక్కో పేదవాడికి అన్నం పెట్టాలి, ఉపవాసం హాని చేస్తుందో లేదో డాక్టర్ని అడుగు, అంటాడు ముఫ్తీ. ఇది ఆ మనిషికి, ఆ జబ్బుకి చెప్పిన జవాబు. పక్కింటాయన ఇదే కాగితం చూపించి ఉపవాసం ఎగ్గొట్టడానికి లేదు. ముఫ్తీ సాక్షుల్ని పిలవడు, చెప్పిందే నిజమనుకుని బదులిస్తాడు, కాబట్టి అడిగేవాడు ఏదైనా దాస్తే ఆ ఫత్వా పనికిరాదు. ఆటోమాన్ తుర్కుల కాలంలో అసలు పేర్లు తీసేసి జైద్, అమ్ర్, హింద్ అని పెట్టి ప్రశ్న రాసేవారు (ఈ అమ్ర్ మనిషి పేరు, పైన చెప్పిన ఆజ్ఞ కాదు). విచారించి, ఇరుపక్షాలనూ కట్టిపడేసే తీర్పు చెప్పేవాడు ఖాజీ. అది వేరే పని.

పాటించాలా అన్నదానికి ఒక్క మాటలో జవాబు చెప్పలేను. సున్నీల్లో నమ్మకం కుదరకపోతే ఇంకో ముఫ్తీని అడగవచ్చు, అయితే తనకి అనుకూలంగా చెప్పేవాడు దొరికేదాకా తిరగడాన్ని పండితులు ఒప్పుకోరు. “జనం ఎన్ని ఫత్వాలిచ్చినా నీ గుండెని అడుగు” అని ప్రవక్త మాటగా ఒక హదీసు ఉంది, అక్కడ “అడుగు” అన్నదీ ఈ ధాతువే, “ఇస్తఫ్తి”. ఫత్వా చివర “అల్లాహు ఆలమ్”, అంటే అసలు సంగతి దేవుడికే బాగా తెలుసు, అని రాయడం పాత మర్యాద. హుకుం కింద అలా ఎవరూ రాయరు కదా! షియాల్లో మాత్రం సామాన్యుడు ఒక మర్జాని, అంటే తాను అనుసరించే పెద్ద పండితుణ్ణి, ఎంచుకుంటాడు, ఆయన ఫత్వా ఆ అనుచరులకు కట్టుబాటే. 1891లో అప్పటి పెద్ద మర్జా మీర్జా షీరాజీ పేరుతో పొగాకు వాడొద్దని మాట వెలువడితే ఇరాన్‌లో జనం హుక్కాలు పక్కన పెట్టేశారు, మరుసటి ఏడాది ఇరాన్ రాజు షా తాను విదేశీయులకు ఇచ్చిన పొగాకు కాంట్రాక్టు రద్దు చేసుకోక తప్పలేదు. కనుక పేపర్లవాళ్ల వాడుకకు బొత్తిగా ఆధారం లేదనను.

ఇక “జారీ” సంగతి. ఉర్దూలోనూ ఫత్వా జారీ అంటారు, అరబ్బీలో ఆ మాటకు ప్రవహించేది అని అర్థం, ఆజ్ఞ వాసన దానికి తర్వాత అంటింది. తప్పని కొట్టెయ్యలేను. నేను మాత్రం “ఫత్వా ఇచ్చారు” అనే రాస్తాను.